జెలస్, ఎన్వియస్ ఒకటేనా? యాంగ్షస్ అంటే నర్వసేనా? మా బాబు డైరీలో రాసింది అర్థం కావట్లేదు

గోదారి_గట్టు
మా బాబుకి ఐదేళ్ళు, యూకేజీ. పాప పుట్టి మూడు నెలలైంది. నిన్న స్కూల్ డైరీలో టీచర్ ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి పంపారు. వాడు చెల్లి విషయంలో జెలస్‌గా ఉన్నాడట. పొద్దున గేటు దగ్గర దింపేటప్పుడు యాంగ్షస్‌గా ఉంటున్నాడట. చదివి సంతకం పెట్టి పంపమన్నారు.

మావారు చదివి "జెలస్ అంటే అసూయ" అన్నారు. ఆ మాట విని అత్తయ్యగారికి కోపం వచ్చింది. పాలు తాగే పిల్ల మీద పసివాడికి అసూయేమిటి అని ఆవిడ. ఎన్వియస్ అంటే కదా అసూయ అని మా ఆడపడుచు. ఇంక యాంగ్షస్ అంటే నర్వస్ అని మావారు తేల్చేశారు. కానీ మావాడు బెరుకు పిల్లాడు కాదు. పోయిన ఏడాది యాన్యువల్ డేకి స్టేజీ ఎక్కి మైకులో గడగడా పద్యం చెప్పాడు.

ఈ నాలుగు మాటలకీ తేడా ఏంటో ఎవరైనా విడమరిచి చెప్పండి. టీచర్ వాడిని తప్పు పట్టారా, లేక మాకు ఏదో చెప్పాలనుకున్నారా? సోమవారం డైరీ తిరిగి పంపాలి.

మిరపకాయ్_బజ్జీ
జెలస్, ఎన్వియస్ రెండూ ఒకటే అక్కా. కుళ్ళు. మనం ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం, వాళ్ళకి రెండు కావాల్సొచ్చాయి.

నాలుగో_బెంచీ
ఒకటి కాదు. మాకు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చెప్పారు. మనిషి మీదైతే జెలస్, వస్తువు మీదైతే ఎన్వియస్. చెల్లి మనిషి కాబట్టి టీచర్ జెలస్ అని రాశారు. కరెక్టే.

పాత_లెక్చరర్
నాలుగో బెంచీ, జవాబు సరిగ్గానే వచ్చింది గానీ లెక్క తప్పు. ఎన్వియస్ మనిషి మీద కూడా అంటాం. పక్కింటాయన కొత్త కారు కొంటే, నాకు ఆయన మీద ఎన్వీ అనొచ్చు, ఆయన కారు మీద అని కూడా అనొచ్చు. కాబట్టి మనిషా వస్తువా అన్నది చూస్తే తేలదు.

నేను డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ పాఠం వచ్చినప్పుడు "తలలు లెక్కపెట్టండి" అనేవాణ్ణి. ఎన్వియస్‌కి ఇద్దరు చాలు. ఆయన దగ్గర ఉంది, నా దగ్గర లేదు, నాకూ ఉంటే బాగుండును. అంతే కథ. జెలస్‌కి ముగ్గురు కావాలి. నేను, నాది అనుకున్న మనిషి, మధ్యలో వచ్చిన మూడో మనిషి. అక్కడ నాకు లేనిదేదో కావాలన్న కోరిక కాదు. నాకు ఉన్నది చేజారుతుందేమోనన్న భయం.

గోదారి గట్టుగారూ, మీ ఇంట్లో లెక్కపెట్టండి. బాబు, మీరు, పాప. ముగ్గురు. పాప దగ్గర ఉన్న ఉయ్యాలో గిలక్కాయో వాడికి కావాల్సివస్తే ఎన్వియస్ అనాలి. మీ ఒడి కావాలంటే, అది మొన్నటిదాకా వాడొక్కడిదే, కాబట్టి జెలస్. ఇందులో తప్పు పట్టడం ఏమీ లేదు.

గోదారి_గట్టు
ఉయ్యాల జోలికి వాడు పోడండీ. బొమ్మలు కూడా వాడివే తెచ్చి పాప పక్కన పెడతాడు. ఒక్కటి మాత్రం ఉంది. నేను పాపకి పాలు పట్టడానికి కూర్చోగానే వాటర్ బాటిల్ తెచ్చి "మూత తియ్యమ్మా" అంటాడు. ఆ మూత వాడికి తీయడం వచ్చు. రోజూ స్కూల్లో తనే తీసుకుంటాడు. నేను ఒక చేత్తో తీసిస్తే ఒక గుక్క తాగి, మళ్ళీ గట్టిగా బిగించి తెచ్చి నా చేతికే ఇస్తాడు.

నర్సమ్మ_గుంటూరు
ఆ మూత ఒక్కటి చాలు తల్లీ, జెలస్ అంటే ఏంటో తెలియడానికి. వాడికి కావాల్సింది నీళ్ళు కాదు, నీ చెయ్యి.

పాత లెక్చరర్ గారు చెప్పిన దానికి నేనొకటి కలుపుతాను. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. పది ఆజ్ఞల దగ్గర ఇంగ్లీషు బైబిల్లో దేవుడు తనను తాను జెలస్ అని చెప్పుకుంటాడు. చిన్నప్పుడు అది చదివి, దేవుడికి అసూయేంటని మా నాన్నని అడిగాను. ఆయన తెలుగు బైబిలు తెరిచి చూపించారు. అక్కడ "రోషము గల దేవుడను" అని ఉంది. అసూయ అని లేదు. తన జనం వేరే దేవతల వెంట పోతే ఊరుకోనని అర్థం. అదే బైబిల్లో ప్రేమ గురించి చెప్పేచోట, ఇంగ్లీషులో ఎన్వీ అన్న దగ్గర, తెలుగులో "ప్రేమ మత్సరపడదు" అని రాశారు. ఒకచోట రోషం, ఒకచోట మత్సరం. అనువాదం చేసినవాళ్ళు ఎప్పుడో ఈ తేడా పట్టుకున్నారు.

పాత_లెక్చరర్
ఎంత మంచి ఉదాహరణ ఇచ్చావమ్మా. నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. రోషం అన్నమాటలో "నాది" అన్న పట్టు ఉంది. గుట్టుని కంటికి రెప్పలా కాపాడుకునేవాళ్ళని కూడా ఇంగ్లీషులో జెలస్లీ కాపాడుకుంటున్నారనే అంటారు. ఎన్వియస్లీ కాపాడుకోవడం అనేది లేదు.

ఉప్పు_కారం
ఇన్ని మాటలెందుకమ్మా. చంటిపిల్ల ఉన్న ఇల్లు. వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పడి ఉంటాయి. శుక్రవారం సాయంత్రం ఇద్దరికీ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వెయ్యి. గేటు దగ్గర ఏడుపు అదే తగ్గుతుంది.

మిరపకాయ్_బజ్జీ
పెద్దమ్మా, అక్క అడిగింది ఇంగ్లీషు మాటలకి అర్థం. ఏడుపుకి మందు కాదు 🙂

పాత_లెక్చరర్
ఆవిడ మాట పూర్తిగా పక్కకు పోలేదు. ఎన్వీ అన్న మాటకి లాటిన్ మూలం చూస్తే, చెడు చూపు చూడటం అనే వస్తుంది. మనం "కన్ను కుట్టింది" అంటాం కదా, "కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు" అంటాం కదా, అచ్చం అదే. దిష్టి అనేది ఎన్వీ చుట్టం. కాకపోతే ఈ బాబు సంగతి అది కాదు.

న్యూజెర్సీ_తెలుగు
సార్ చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. కానీ ఇక్కడ ఎవరూ అలా మాట్లాడరు. మేం హవాయి వెళ్ళి ఫోటోలు పెడితే, మా ఆఫీసులో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళంతా కింద "సో జెలస్" అని రాశారు. ఎవరూ ఎన్వియస్ అనలేదు. మీ లెక్కలో అక్కడ మూడో తల ఏది?

పాత_లెక్చరర్
మూడో తల లేదు. మీరు చెప్పింది నిజం. జెలస్ అన్నమాట ఎన్వియస్ ఇంట్లోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది, నిఘంటువులు కూడా రెండు అర్థాలూ ఇస్తాయి. హవాయి ఫోటో కింద అది తప్పని నేను దిద్దను.

కానీ దారి ఒకవైపే ఉంది, అది గమనించండి. ఎన్వియస్ అనాల్సిన చోట జెలస్ అంటే చెల్లుతుంది. జెలస్ అనాల్సిన చోట ఎన్వియస్ అంటే చెల్లదు. భార్య ఎవరితో నవ్వుతూ మాట్లాడినా ముఖం మాడ్చుకునే భర్తని జెలస్ హస్బెండ్ అంటారు. ఆయన్ని ఎన్వియస్ హస్బెండ్ అంటే వినేవాడికి వేరే కథ వినిపిస్తుంది, భార్యకి వచ్చిన జీతమో పేరో తనకి రాలేదని బాధపడుతున్నాడని. మన టీచర్ కూడా ఎన్వియస్ అని రాసి ఉంటే నాకు అనుమానం వచ్చేది.

ఓరుగల్లు_కుర్రోడు
సార్, ఇది నాకు ముందే తెలిస్తే బాగుండేది. మా టీమ్‌లో ఒకామెకి ఆన్‌సైట్ వచ్చింది. నాకు నిజంగా సంతోషమే. జెలస్ అంటే బాగోదేమోనని, డీసెంట్‌గా ఉంటుందని, మెయిల్‌లో అభినందనలు చెప్పి కింద నేను ఎన్వియస్‌గా ఉన్నానని రాసిన. వారం రోజులు సరిగ్గా మాట్లాడలే. తర్వాత అడిగితే "నా ఆన్‌సైట్ నీకే రావాల్సిందని రాసినవ్ కదా" అన్నది.

న్యూజెర్సీ_తెలుగు
అదే నేను చెప్పేది తమ్ముడూ. చాట్‌లో జెలస్ అంటే నవ్వుతూ అన్నట్టు ఉంటుంది. ఎన్వియస్ అనేసరికి కూర్చుని ఆలోచించి రాసినట్టు బరువుగా పడుతుంది. పుస్తకం లెక్కకి నువ్వు సరిగ్గానే రాశావు, మనిషి లెక్కకి తేడా కొట్టింది.

పద్యాల_పెట్టె
మన కథల్లో పెట్టి చూస్తే ఇంకా తేలిక. మయసభ చూసి దుర్యోధనుడికి కలిగింది ఎన్వీ. పాండవుల దగ్గర ఉంది, తన దగ్గర లేదు. పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చారని తెలిసి సత్యభామ అలిగింది, అది జెలసీ.

నాలుగో_బెంచీ
సత్యభామది కూడా ఎన్వీయే కదండీ. రుక్మిణి దగ్గర పువ్వు ఉంది, ఈవిడ దగ్గర లేదు. ఇద్దరు. సార్ లెక్క ప్రకారమే చెప్తున్నా.

పద్యాల_పెట్టె
ఆ పువ్వు దారిలో దొరికి రుక్మిణి తల్లో పెట్టుకుని ఉంటే సత్యభామ అలిగేదా? ఇచ్చింది ఎవరన్నదే ఆవిడ బాధ. కృష్ణుణ్ణి లెక్కలో వదిలేశారు మీరు.

నాలుగో_బెంచీ
మరి చివరికి చెట్టే తెచ్చి పెరట్లో నాటించుకుంది కదా. పువ్వు కూడా కావాలి ఆవిడకి.

పాత_లెక్చరర్
రెండూ ఉండొచ్చు. ఒకే మనసులో ఒకే పూట రెండూ ఉండకూడదని ఏ వ్యాకరణమూ చెప్పదు.

గోదారి_గట్టు
సత్యభామ దగ్గర నాకు బాగా అర్థమైంది. అత్తయ్యగారికి అదే చెప్పాను, కాస్త మెత్తబడ్డారు. రెండో జత సంగతి కూడా చెప్పరూ. యాంగ్షస్, నర్వస్.

నర్సమ్మ_గుంటూరు
ఇది నేను రోజూ చూస్తాను. ఆపరేషన్ థియేటర్ బయట ఒక బెంచీ ఉంటుంది. లోపలికి వెళ్ళబోయే మనిషి నర్వస్. చేతులు చల్లగా ఉంటాయి, గొంతు ఎండిపోతుంది, బీపీ కాస్త ఎక్కువ చూపిస్తుంది, అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతారు. మత్తు ఇచ్చాక, పని అయిపోయాక, అది పోతుంది. బయట బెంచీ మీద కూర్చున్న మనిషి యాంగ్షస్. వాళ్ళ చేతుల్లో చేయడానికి ఏమీ లేదు. తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడతారు. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పినా "కళ్ళు ఎప్పుడు తెరుస్తాడు, ఎప్పుడు మాట్లాడతాడు" అని ఇంకోటి పట్టుకుంటారు.

తెలుగులో లోపలి మనిషిది కంగారు, గాభరా. బయటి మనిషిది ఆందోళన, ఆదుర్దా. మనం రెండిటికీ కలిపి టెన్షన్ అనేస్తాం, అందుకే తేడా పోయింది.

క్రికెట్_పిచ్చోడు
అందుకేనేమో బ్యాట్స్‌మన్ తొంభైల్లోకి వస్తే నర్వస్ నైంటీస్ అంటారు. యాంగ్షస్ నైంటీస్ అనగా ఎప్పుడూ వినలేదు. బ్యాట్ వాడి చేతిలోనే ఉంది, తర్వాతి బంతి వాడే ఆడాలి. టీవీ ముందు సోఫా అంచు మీద కూర్చున్న మనం యాంగ్షస్.

పాత_లెక్చరర్
ఈ ఉదాహరణ పాఠంలో పెట్టుకోదగ్గది. చేయాల్సిన పని ముందుంటే నర్వస్, ఏమవుతుందో తెలియని ఫలితం ముందుంటే యాంగ్షస్. ఎంట్రన్స్ పరీక్ష హాల్లోకి వెళ్ళే పిల్ల నర్వస్. అదే పిల్ల పరీక్ష రాసొచ్చి ర్యాంకు కోసం ఎదురుచూసే రోజుల్లో యాంగ్షస్. మనిషి మారలేదు, భయం మారింది.

అలాగని గోడ కట్టినట్టు ఉండవు. ఫలితాలు వచ్చే రోజు పొద్దున నర్వస్‌గా ఉందని అందరూ అంటారు, అది తప్పు కాదు. ఎక్కడ తేడా బాగా తెలుస్తుందంటే మనిషి స్వభావం చెప్పేటప్పుడు. ఒక పిల్లాణ్ణి నర్వస్ చైల్డ్ అంటే చీటికీమాటికీ ఉలిక్కిపడేవాడు, బెరుకు పిల్లాడు అని అర్థం వస్తుంది. మీ బాబు స్టేజీ ఎక్కి పద్యం చెప్పినవాడు. టీచర్ ఆ మాట వాడలేదంటే చూసే రాశారని నా నమ్మకం.

ఓరుగల్లు_కుర్రోడు
సార్, మా నాయిన పెళ్ళికి ముందు మా అమ్మ వాళ్ళింటికి ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఇంకా ఉంది. మిమ్మల్ని కలవడానికి యాంగ్షస్‌గా ఉన్నానని రాసిండు. అంటే పెళ్ళంటే ఆందోళన పడ్డడా?

పాత_లెక్చరర్
లేదు. యాంగ్షస్ తర్వాత టు వచ్చి పని చెప్తే ఆత్రుత అని అర్థం. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూడటం. అబౌట్ వస్తే ఆందోళన. మీ నాన్నగారు చక్కగా రాశారు. నర్వస్‌కి ఈ ఆత్రుత అర్థం లేదు.

న్యూజెర్సీ_తెలుగు
మా అబ్బాయి స్కూల్లో అలా రాస్తే టీచర్ కొట్టేసి ఈగర్ అని దిద్దారు. యాంగ్షస్ అంటే భయం ఉండాలి, సంతోషానికి వాడకూడదని.

పాత_లెక్చరర్
అలా దిద్దేవాళ్ళు ఉన్నారు. నేను దిద్దను. ఎప్పటినుంచో రాస్తున్నారు, ఆత్రుతలో కాస్త గుబులు ఎలాగూ ఉంటుంది. పరీక్షలో రాసేటప్పుడు మాత్రం ఈగర్ అని రాస్తే ఎవరూ మార్కు తీయరు.

న్యూజెర్సీ_తెలుగు
మార్కు పోయింది మావాడికి. నేను ఈగర్ వైపే సార్.

నర్సమ్మ_గుంటూరు
గోదారి గట్టూ, ఒకటి అడుగుతాను. గేటు దగ్గర ఏడుస్తాడా, ముందునుంచే ఉంటుందా? లోపలికి వెళ్ళాక ఆడుకుంటాడా? స్కూల్లో ఎవరైనా కొడతారనో, ఏదైనా చేయమంటారనో భయమైతే తీరు వేరే ఉంటుంది. టీచర్ని అడిగి చూడు.

గోదారి_గట్టు
ముందు రోజు రాత్రి నుంచే మొదలవుతుంది. "రేపు స్కూలుందా" అని రెండు మూడుసార్లు అడుగుతాడు. ఈరోజు శనివారం, సగం పూటే. తీసుకురావడానికి వెళ్ళినప్పుడు టీచర్ని అడిగాను. క్లాసులో పాటలు, రైమ్స్ అన్నీ అందరికంటే ముందు చెప్తాడట. నర్వస్ కానే కాదు, కానీ పన్నెండు దాటితే గేటు వైపు చూస్తాడు, ఆటోలు వచ్చిన చప్పుడు వింటే లేస్తాడు అన్నారు. నర్సమ్మగారు చెప్పిన బెంచీయే గుర్తొచ్చింది.

ఉప్పు_కారం
పిల్లాడినే అడగవమ్మా. పిల్లలు అడిగితే చెప్తారు.

గోదారి_గట్టు
అడిగాను పెద్దమ్మా. మీరు చెప్పాకే అడిగాను, ఇప్పుడే పడుకోబెట్టి వస్తున్నా.

"గేటు దగ్గర ఎందుకు నాన్నా బాధ" అంటే చాలాసేపు ఏమీ అనలేదు. నా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పడుకున్నాడు. తర్వాత "నేను వచ్చేసరికి నువ్వు ఉంటావా" అన్నాడు. ఉంటాను కదా అన్నాను. "ఆ రోజు లేవు కదా" అన్నాడు.

ఏ రోజో నాకు వెంటనే తట్టలేదు. పాప పుట్టిన రోజు. పొద్దున వాడిని నేనే తయారుచేసి స్కూలుకి పంపాను. పదకొండింటికి నొప్పులొస్తే ఆస్పత్రికి వెళ్ళాం. వాడు ఇంటికొచ్చేసరికి తాళం తీసింది పక్కింటావిడ. నేను ఐదు రోజుల తర్వాత పాపతో వచ్చాను. అప్పటినుంచీ ఏ రోజు మళ్ళీ అలా అవుతుందోనని చూస్తున్నాడు. మూడు నెలలు.

మిరపకాయ్_బజ్జీ
అక్కా, చదువుతుంటే ఏదోలా అయిపోయింది.

నర్సమ్మ_గుంటూరు
అదేనమ్మా. కాన్పుకి వచ్చే రెండోసారి తల్లులకి మేం చెప్తాం, పెద్దపిల్లలకి ముందే చెప్పి రమ్మని. నొప్పులు ఎవరికి చెప్పి వస్తాయి, నీ తప్పు కాదు. దింపేటప్పుడు "వచ్చేస్తాను" అని ఊరికే అనకుండా, ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు అని వాడికి తెలిసే గుర్తుతో చెప్పు. "అన్నం తిని, బ్యాగు సర్దుకున్నాక నానమ్మ వస్తుంది, నేను గుమ్మంలో ఉంటాను" అని. చెప్పింది చెప్పినట్టు జరగాలి. వారాలు గడిచినా తగ్గకపోయినా, తిండి, నిద్ర చెడినా పిల్లల డాక్టరుకి చూపించు. డాక్టర్లు యాంగ్జైటీ అని రాసేది వేరే లెక్క, మనం ఇక్కడ మాట్లాడుకునే మాటతో దాన్ని తేల్చుకోకూడదు.

నాలుగో_బెంచీ
అయితే వాడిది జెలసీయా, యాంగ్జైటీయా? అమ్మ చేజారుతుందేమోనన్న భయం అంటే సార్ చెప్పిన జెలస్ కూడా అదే కదా.

పాత_లెక్చరర్
మంచి ప్రశ్న వేశావు బాబూ. మూత దగ్గర పాప ఎదురుగా ఉంది, అది జెలస్. గేటు దగ్గర పాప లేదు, రాబోయే మధ్యాహ్నం ఉంది, అది యాంగ్షస్. టీచర్ రెండు వాక్యాలు విడివిడిగా రాయడానికి కారణం అదేననుకుంటాను. అడుగున ఉన్న భయం ఒకటేనా అంటే, ఒకటే కావచ్చు.

పద్యాల_పెట్టె
తెలుగులో జెలస్‌కి ఒక మాట స్థిరపడాలి సార్. అసూయ అంటే సంస్కృతంలో ఎదుటివాడి మంచిలో కూడా చెడు వెతకడం. అది పసివాడికి అంటదు. ఈర్ష్య అందామా?

పాత_లెక్చరర్
ఈర్ష్య దగ్గరే, కానీ జనం నోట్లో ఈర్ష్యాసూయలు జంటగా ఒకటైపోయాయి. ఈ బాబుకి నేనైతే "అమ్మ కోసం పోటీ" అంటాను. ఒక్క మాటలో రాదు.

ఉప్పు_కారం
మా ఊళ్ళో దాన్ని బెంగ అంటాం. చెల్లి పుట్టింది, బెంగ పెట్టుకున్నాడు అంటాం. గేటు దగ్గరదీ బెంగే.

గోదారి_గట్టు
అత్తయ్యగారు కూడా ఇప్పుడే ఆ మాటే అన్నారు. డైరీలో సంతకం పెట్టి, కింద తెలుగులోనే రాశాను, పాప పుట్టిన రోజు సంగతి, ఇకనుంచి రోజూ నానమ్మే వస్తుందని. టీచర్‌కి తెలుగు చదవడం వచ్చు. పొద్దున పాలు పట్టేటప్పుడు బాటిల్ తెచ్చేలోపే నేను పిలుద్దామనుకుంటున్నా.